పాత తేదీ ఉన్న పెద్ద కంపెనీ టైరా, కొత్త తేదీ ఉన్న చిన్న కంపెనీ టైరా?

మాది అమలాపురం దగ్గర, డిజైర్‌కి నాలుగు టైర్లు మార్చాలి, సైజు 165/80 R14. పెద్ద కంపెనీ టైరు 5,200 అన్నారు, కానీ పక్క గోడ మీద DOT వరస చివర 1423 ఉంది, అంటే 2023లో 14వ వారం, ఏప్రిల్ మొదట్లో తయారైంది. రెండేళ్లు దాటిపోయింది. చిన్న కంపెనీది 4,300, మూడు నెలల క్రితందే. నాలుగింటికి 3,600 తేడా.

కొన్నిటికి ఆ నాలుగంకెలు ఒక పక్కే ఉంటాయి, బిగించాక లోపలికి పోతే కనబడవు, అందుకే ముందే చూశాను.

మేము ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లే తిరుగుతాం, అరుగుదల కంటే ముందు రబ్బరు గట్టిపడి పగుళ్లొస్తాయని నా భయం. గట్టు రోడ్ల మీద వానలో పట్టు ముఖ్యం కదండీ.

వారంటీ బిల్లు తేదీ నుంచా, తయారీ తేదీ నుంచా? పాత తేదీకి ధర తగ్గించమని అడిగితే ఎంతవరకు తగ్గిస్తారు? వాడినవాళ్లు చెప్పండి.