బిల్లు మీద “అపరాధ రుసుము” అనకుండా ఆలస్యానికి వడ్డీ ఎలా రాయాలి?

హన్మకొండలో మాది చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్. స్వీటు షాపుల డబ్బాలు, బట్టల షాపుల కవర్లు, ట్యూషన్ సెంటర్ల కరపత్రాలు వేస్తాం. పోయినేడు బిల్లు కింద ఈ వాక్యం అచ్చు వేయించాను: “గడువు తేదీలోగా చెల్లించనిచో 2% అపరాధ రుసుము విధించబడును.” పరీక్ష ఫీజుల ప్రకటనల్లో రోజూ చూసే మాటే కదా అని పెద్దగా ఆలోచించలేదు.

మాకు పదిహేనేళ్ల పాత గిరాకీ ఒక పెద్దాయన, స్వీటు షాపు ఆయన. 3,000 డబ్బాలు, ఒక్కోటి 6 రూపాయల 20 పైసలు, మొత్తం 18,600 బిల్లు. చేతికిస్తే కళ్లజోడు పెట్టుకుని కింది వరకు చదివి, “నేనేం అపరాధం చేసిన బిడ్డా?” అన్నాడు. కోపంగా కాదు, నొచ్చుకుని. పైసలు ఆరోజే ఇచ్చేశాడు. తర్వాత రెండు ఆర్డర్లు మాత్రం వేరే చోటికి పోయాయి.

దసరా ఆర్డర్లు మొదలవుతున్నాయి. సగం అడ్వాన్సు కావాలని, ఆలస్యమైతే వడ్డీ పడుతుందని ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా ఎలా రాయాలి? అట్టకు, ప్లేట్లకు మేము ముందే నగదు కట్టాలి. కాబట్టి షరతు వదులుకోలేను, మాట మార్చుకోవాలి.

—

రిటైర్డ్ తెలుగు టీచర్, కాజీపేట: అమ్మా, ఆ పెద్దాయన సరిగ్గా చదివారు. “అపరాధం” అంటే తప్పు, నేరం. ఇక “చెల్లించనిచో” అన్నప్పుడు కర్త ఎవరు? బిల్లు అందుకున్న మనిషి. ఆ మనిషి చెల్లించడేమో అన్న అనుమానం క్రియలోనే ఉంది. పైగా “విధించబడును.” విధించేది రాజు, కోర్టు, ప్రభుత్వం. ప్రెస్ వాళ్లు విధించడం ఏమిటి?

మనిషిని వాక్యంలోంచి తప్పించి గడువును కర్తగా పెట్టండి. “గడువు దాటితే వడ్డీ కలుస్తుంది.” గడువు దాటింది, వడ్డీ కలిసింది. ఎవరినీ ఏమీ అనలేదు. తెలుగులో అకర్మక క్రియకు ఈ సుగుణం ఉంది, “బడు” తగిలించి దాన్ని పోగొట్టుకుంటున్నాం.

ఎలక్ట్రికల్ సామాన్ల షాపు, జనగామ: సారు మాట బాగుంది గానీ నాకు ఒప్పదు. “కలుస్తుంది” అంటే దానంతట అదే కలిసినట్టు. కలిపేది మనమే కదా? నేనైతే “కలుపుతాం” అని రాస్తాను. అడిగే ధైర్యం ఉన్నప్పుడు పేరు దాచుకోవడం ఎందుకు?

టెంట్ హౌస్, కరీంనగర్: అక్కా, మాకూ ఇదే బాధ. పెళ్లికి టెంటు, కుర్చీలు బుక్ చేస్తారు, తేదీ మార్చుకుని అడ్వాన్సు వాపసు అడుగుతారు. “అడ్వాన్స్ వాపసు ఇవ్వబడదు” అని ఎర్ర అక్షరాల్లో రాసినా గొడవే. మా నాయన “బయానా” అని రాసేవాడు, అప్పుడు ఎవరూ అడగలేదు.

టీచర్: మీ సమస్య వేరు నాయనా, ఆమె అడిగింది వాపసు గురించి కాదు. కానీ మంచి మాట గుర్తు చేశారు. బయానా ఇచ్చి వెనక్కి తగ్గితే ఆ పైకం పోతుందని భూముల బేరాల్లో మనవాళ్లకు తెలుసు. పాత తెలుగులో దాన్నే సంచకారం అనేవారు. “అడ్వాన్సు” అంటే మాత్రం మొత్తంలోంచి ముందుగా ఇచ్చిన భాగం, అంతే. డబ్బాల ఆర్డరుకు అడ్వాన్సే తగిన మాట. మీరు బయానా అనే రాయండి, పోతుందన్న సంగతి పక్కన విడిగా రాయండి.

ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాప్, మడికొండ: ఇంత ఆలోచన ఎందుకు? చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో కట్టాలని చట్టమే ఉంది. “చట్టప్రకారం వడ్డీ వర్తించును” అని రాయండి, అయిపోతుంది.

అకౌంట్స్ చూసేవాణ్ని, వరంగల్: సగం నిజం అన్నా. 2006 ఎంఎస్ఎంఈ చట్టంలో 45 రోజులు అనేది పైహద్దు, అదీ రాతపూర్వక ఒప్పందం ఉన్నప్పుడు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. అమ్మేవాళ్లకు సూక్ష్మ లేదా చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి, సరుకు తయారీ గానీ సేవ గానీ చేయాలి. కొని అమ్మే వ్యాపారులకు ఈ వడ్డీ హక్కు రాదు. ప్రెస్ కాబట్టి అక్క ఉద్యమ్ నంబరును బిల్లు పైన వేసుకుంటే చాలు, తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. వీధి చివరి స్వీటు షాపుకు “చట్టప్రకారం” అని రాస్తే అది నోటీసే.

అసలు తప్పు మాటలో కన్నా చోటులో ఉందని నాకు అనిపిస్తుంది. సరుకు చేతికిచ్చాక బిల్లులో మొదటిసారి వడ్డీ కనిపిస్తే ఎవరికైనా మండుతుంది. మేము ఒప్పుకోలేదు అంటే మీ దగ్గర జవాబు కూడా ఉండదు. కొటేషన్‌లో రాయండి, వాట్సాప్‌లో “సరే” అనిపించుకోండి. బిల్లులో అదే వాక్యం తిరిగి వస్తే అది గుర్తు చేయడం మాత్రమే.

ఇంకొకటి. 2% అని ఊరికే రాస్తే నెలకా, ఏడాదికా, రోజుకా? “ఏడాదికి 18 శాతం” అంటే మనవాళ్లు ఉలిక్కిపడతారు. “నెలకు నూటికి రూపాయిన్నర” అంటే తలూపుతారు. రెండూ ఒకటే. మీ 18,600లో సగం అడ్వాన్సు పోతే బాకీ 9,300. నెల ఆలస్యానికి 139 రూపాయల 50 పైసలు. అంత చిన్న మొత్తానికి అంత పెద్ద మాట వాడారు.

జనగామ: నూటికి లెక్క బాగుంది. మరి వడ్డీ బదులు “మిత్తి” అని రాయొచ్చు కదా? మన మాట.

టీచర్: నోట్లో మిత్తి బాగుంటుంది. కాగితం మీద నాకు వడ్డీ వ్యాపారి గుర్తొస్తాడు. ఇది నా చెవి సంగతి, నియమం కాదు.

జనగామ: మా గిరాకీలకు వడ్డీ అంటే బ్యాంకు గుర్తొస్తుంది సార్, ఇంకా భయం.

డిగ్రీ విద్యార్థిని, హన్మకొండ: “చెల్లించగలరు” అని రాస్తే మర్యాద అంటారు కదా? నాకైతే “మీకు కట్టే శక్తి ఉంది” అన్నట్టు వినిపిస్తుంది.

టీచర్: ఉత్తరాల్లో అది విన్నపమే తల్లీ, తరాలుగా ఉంది. మీ తరానికి అలా వినిపిస్తే మాత్రం “చెల్లించండి” చాలు. అందులో అమర్యాద ఏమీ లేదు. “దయచేసి” ఒక్కసారి వేయండి. మూడుసార్లు వేస్తే బతిమాలినట్టు ఉంటుంది.

వరంగల్: “లోపు” కూడా చూసుకోండి. “20వ తేదీ లోపు” అంటే కొందరు 19 వరకే అనుకుంటారు. “20వ తేదీ వరకు” అంటే గొడవ లేదు.

—

అందరికీ ధన్యవాదాలు. ఈరోజు కొటేషన్‌లో ఇలా రాశాను:

“సగం అడ్వాన్సు (రూ. 9,300) అందిన రోజే అట్ట తెప్పిస్తాం. ఆరో రోజు డబ్బాలు మీ షాపుకు చేరతాయి. మిగతా రూ. 9,300 దయచేసి సెప్టెంబర్ 20వ తేదీ వరకు చెల్లించండి. ఆ తేదీ దాటితే బాకీ మీద నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీ కలుస్తుంది. ఏదైనా ఇబ్బంది ఉంటే ముందే ఒక ఫోన్ చేయండి, తేదీ మార్చుకుందాం.”

చివరి వాక్యం మా అమ్మ చేర్పించింది. “పని ప్రారంభించబడదు” అని మొదట రాసుకున్నది కొట్టేశాను. అడ్వాన్సు పైసలు ఎక్కడికి పోతాయో చెబితే అడిగినట్టు కాకుండా లెక్క చెప్పినట్టు ఉంది.

మడికొండ: ఫోన్ చేయండి అని రాస్తే అందరూ ఫోనే చేస్తారు అక్కా, పైసలు రావు.

టీచర్: చేయనివ్వండి. “కలుస్తుంది”, “కలుపుతాం” సంగతి మాత్రం జనగామ ఆయనతో నాకింకా తేలలేదు.

పాత గిరాకీ పెద్దాయనకు ఈ కొటేషన్ కాగితం నేనే తీసుకెళ్లి ఇస్తాను, రేపు పొద్దున.