ఇంటర్వ్యూ మధ్యలో నెట్ పోయింది, ఇప్పుడు మెయిల్ ఎలా పెట్టాలి?

నిన్న సాయంత్రం 4 గంటలకు డేటా అనలిస్ట్ ఉద్యోగానికి వీడియో ఇంటర్వ్యూ. మాది కూకట్‌పల్లి. వాన మొదలవగానే కరెంటు పోయింది, దాంతో వైఫై కూడా. ఫోన్ హాట్‌స్పాట్ కలిపాక కూడా నా మాట ముక్కలుముక్కలుగానే వినిపించిందట.

సరిగ్గా SQL లో LEFT JOIN ప్రశ్న దగ్గర మాట తెగింది. నేను చెప్పిన జవాబు ఇదీ: కుడి టేబుల్ మీద షరతును WHERE లో పెడితే జత దొరకని వరుసలు రాలిపోతాయి, ON లో పెడితే నిలుస్తాయి. వాళ్లకు "రాలిపోతాయి" వరకే వినిపించింది. తెలియక ఆగిపోయాననుకున్నారేమోనని టెన్షన్.

ఈ రోజే మెయిల్ పెడదామనుకుంటున్నా. అంతరాయానికి ఒక లైనులో క్షమాపణ, రెండు లైన్లలో ఆ జవాబు, చివర "అవసరమనుకుంటే 10 నిమిషాలు ఫోన్‌లో మాట్లాడగలను, రేపు గానీ ఎల్లుండి గానీ ఉదయం 11 తర్వాత ఎప్పుడైనా సరే" అని. కరెంటు కథంతా రాయను, సాకులా ఉంటుంది.

హెచ్‌ఆర్ మేడమ్‌కు మాత్రమే పంపాలా, ఇంటర్వ్యూ చేసినాయనకు కూడా కలిపి పెట్టొచ్చా? ఆయన ఐడీ మీటింగ్ ఇన్విటేషన్‌లో కనిపిస్తోంది. జవాబు మెయిల్లోనే రాసేస్తే ఇక మాట్లాడే పనేముంది అనుకుంటారా? ఇంటర్వ్యూలు చేసే అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.