వరద సాయం: దాతలకు మెయిల్ ఎలా రాయాలి?

కోవూరు సురేష్: పెన్నా ఒడ్డున ఒక కాలనీలో 120 ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. దాతలకు మెయిల్ పెట్టే పని నామీద పడింది. "బట్టలు, దుప్పట్లు, బియ్యం, మీకు తోచినవి నెల్లూరులో మా ఆఫీసుకు తెచ్చివ్వండి" అని రాశాను. సరిపోతుందా?

రమణమ్మ టీచర్: ముందు ఆ "తోచినవి" తీసెయ్ అబ్బయ్యా. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే తెగినప్పుడు మేమూ అలాగే అడిగాం. మూటలు విప్పితే చిరిగిన ప్యాంట్లు, జత లేని చెప్పులు. బియ్యం ఇంకా ఘోరం. నెల్లూరు మసూరి, బీపీటీ, రేషన్ బియ్యం అన్నీ ఒకే డ్రమ్ములో పోశాం. వండితే సగం ముద్ద, సగం పలుకు. తర్వాత మెయిల్‌లో "సీలు విప్పని 10 కిలోల మూట మాత్రమే" అని రాశాం.

దుప్పట్లకు లెక్క చెప్పు. ఇంటికి రెండు చొప్పున 240 కావాలి. చేతిలో 90 ఉంటే "ఇంకా 150 కావాలి" అని రాయి. రెండు రోజులకోసారి ఆ అంకె మార్చి మళ్లీ పంపు. లేకపోతే దుప్పట్లు కుప్పలు పడతాయి, చాపలు ఒక్కటీ రావు.

ఒంగోలు వాసు: మా ఇంట్లో పాత పట్టెమంచం ఉంది. కర్నూలు రోడ్డులో ఇల్లు. ఎప్పుడొచ్చి తీసుకెళ్తారు?

రమణమ్మ టీచర్: చూశావా సురేష్! "మేం వచ్చి తీసుకెళ్లలేం, ఫర్నిచర్ వద్దు" అని కూడా రాయాలి. వాసుగారూ, దుప్పట్లయితే ఆర్టీసీ కార్గోలో వేసేయండి.

ట్యాక్స్ ప్రసాద్: ఆదాయపన్ను మినహాయింపుకు పనికొచ్చే 80జీ రసీదు ఇస్తామని రాయండి, ఎగబడి ఇస్తారు.

గూడూరు ఆడిటర్: సామాన్లకు 80జీ ఉండదండీ, డబ్బుకే. అదీ మీ ట్రస్టుకు 80జీ అనుమతి ఉంటేనే. నగదు 2,000 రూపాయలు దాటితే దానికీ వర్తించదు. సామాన్లకు మామూలు అందుకున్న చీటీ ఇవ్వండి, చాలు.

షబానా: ఆఫీసు పేరొక్కటే రాస్తే ఎవరికీ దొరకదు. మేం మినీ బైపాస్‌లో షాపు అడ్రసిచ్చి టైము రాయలేదు. రాత్రి ఎవరో షట్టర్ ముందు సంచులు పెట్టిపోయారు. తెల్లారేసరికి వానకి తడిసి ముద్దయ్యాయి.

ఇంకొకటి, వాడిన చీరలు వద్దని రాయకండి. ఉతికి మడతపెట్టినవి ఆడవాళ్లు అడిగి మరీ తీసుకున్నారు.

రమణమ్మ టీచర్: మా దగ్గర ఎవరూ ముట్టుకోలేదమ్మా. నేనైతే కొత్త నైటీలే అడుగుతాను.

కోవూరు సురేష్: మార్చి రాశాను, చూడండి:

"కావలసినవి: దుప్పట్లు 150, చాపలు 120, మూత ఉన్న బకెట్లు 120, సీలు విప్పని 10 కిలోల బియ్యం మూటలు 120, శానిటరీ ప్యాడ్లు. పాత బట్టలు, విప్పిన మందులు, ఫర్నిచర్ వద్దు. శనివారం వరకు, ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా, వీఆర్సీ సెంటర్ దగ్గర మా ఆఫీసు, కింది అంతస్తు. బయల్దేరే ముందు ఫోన్ చేయండి. మూట మీద లోపలేముందో, ఎన్నున్నాయో రాయండి."

ఇద్దరి నంబర్లు కింద వేస్తాను. చీరల మాట కాలనీలో అడిగి చూస్తాను.

షబానా: బాగుంది. మరి ఆదివారం పొద్దున తెచ్చేవాళ్లను ఏం చేస్తారు? తప్పకుండా వస్తారు.