వేప్ స్టడీలు: తప్పు వేప్‌దా, పాత సిగరెట్‌దా?

బెంజ్ సర్కిల్ బాబీ: వేప్, అదే ఈ-సిగరెట్, పీలిస్తే గుండెపోటు అని ఒక స్టడీ, సిగరెట్ కంటే చాలా నయమని ఇంకో స్టడీ. రెండూ డాక్టర్లు రాసినవే. ఏది నమ్మాలి?

అరండల్‌పేట మూర్తి: గుండెపోటు అన్న పేపర్ ఉత్తదే బాబీ. 2019లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చింది, 2020 ఫిబ్రవరిలో వాళ్లే వెనక్కి తీసుకున్నారు. ఇంకేముంది? వేప్‌తో గుండెకి ఏమీ కాదని తేలిపోయింది. నేను ఏళ్ల తరబడి సిగరెట్లు కాల్చి దీనికి మారినవాణ్ణి. మేడ మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గింది.

బందర్ రోడ్ రాజు: దేశంలో 2019 నుంచే బ్యాన్. అమ్మడం నేరం. ఇంకా చర్చేంటి?

గుంటూరు వెంకట్రావు: మూర్తి గారూ, ఆ పేపర్ మీద రచ్చ చేసిన ప్రొఫెసర్ బ్రాడ్ రోడూ పరిశోధనకి పొగాకు కంపెనీల గ్రాంట్లున్నాయి. ముందు అది చెప్పండి. మన ఊళ్లో పొగాకు బోర్డు ఉందని మాకు పొగాకు డబ్బు వాసన తెలియదనుకోకండి.

సర్వేల సునీత: నేను కమ్యూనిటీ మెడిసిన్‌లో పనిచేస్తాను, ఇలాంటి సర్వే డేటాతోనే రోజూ కుస్తీ. వెంకట్రావు గారూ, గ్రాంట్ల సంగతి నిజమే, అడగాల్సిందే. కానీ ఆయన ఎత్తి చూపింది ఒక తేదీ. డబ్బు ఎవరిచ్చినా తేదీ మారదు కదా.

ఆ పేపర్ అమెరికా ప్రభుత్వం చేయించిన పెద్ద సర్వే మీద ఆధారపడింది. అందులో రెండు ప్రశ్నలు: "మీకు గుండెపోటు వచ్చిందని డాక్టర్ ఎప్పుడైనా చెప్పారా?", "ఇప్పుడు వేప్ వాడుతున్నారా?" రెండిటికీ అవునన్నవాళ్లని కలిపి లెక్క వేశారు. తీరా చూస్తే కొందరికి వేప్ ముట్టక ముందే గుండెపోటు వచ్చింది. వేప్ మొదలుపెట్టిన వయసు చూసి లెక్క మళ్లీ చేయమని జర్నల్ అడిగింది. గడువులోగా ఆ డేటా అందక వాళ్లు చేయలేకపోయారు. అందుకే పేపర్ వెనక్కి పోయింది.

గుండెపోటు వచ్చినవాడు భయపడి సిగరెట్ మాని వేప్ పట్టుకుంటాడు, సర్వేలో మాత్రం "వేప్ వాడేవాడు, గుండెపోటు ఉంది" అని పడుతుంది. కాబట్టి మూర్తి గారూ, ఆ పేపర్ పోయినంత మాత్రాన వేప్‌తో ఏమీ కాదని తేలలేదు. ఆ లెక్కతో ఏదీ తేలదని మాత్రమే తేలింది.

బందర్ రోడ్ రాజు: మరి 2019లోనే అమెరికాలో ఊపిరితిత్తులు పాడై జనం చచ్చిపోయారే, అది వేప్ కాదా?

సర్వేల సునీత: అది వేరే కథ రాజు గారూ. అక్కడ ఎక్కువ కేసుల్లో గంజాయి నూనె కార్ట్రిడ్జ్‌లు, వాటిలో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్ దొరికాయి. ఇక్కడ కలపొద్దు.

అరండల్‌పేట మూర్తి: తేదీల తప్పు ఒక పేపర్‌లోనే కదండీ. మిగతావాటిలో "పాత స్మోకింగ్‌ని లెక్కలోకి తీసుకున్నాం" అని రాస్తారుగా. అది చాలదా?

సర్వేల సునీత: అసలు చిక్కు అక్కడే ఉంది. అమెరికా సర్వేల్లో జీవితంలో 100 సిగరెట్లు దాటి, ఇప్పుడు మానేసినవాళ్లంతా "మాజీ స్మోకర్లు". కాలేజీలో సరదాగా అరడజను పెట్టెలు కాల్చి వదిలేసినవాడూ, 25 ఏళ్లు రోజుకో పెట్టె కాల్చి పోయినేడాది మానినవాడూ ఒకే గడిలో పడతారు. ఆ గడిని సర్దుబాటు చేశాం అంటే ఇద్దరినీ ఒకటిగా చూశాం అని.

ఒట్టి ఉదాహరణకి అంకెలు పెట్టి చూడండి. కొద్దిగా కాల్చి మానినవాళ్లలో వందకి 2 గుండెపోట్లు, బాగా కాల్చి మానినవాళ్లలో వందకి 10 అనుకుందాం. వేప్ ప్రభావం సున్నా అనుకుందాం. వేప్ లేకుండా మానిన వెయ్యి మందిలో 800 మంది కొద్దిగా కాల్చినవాళ్లు, 200 మంది బాగా కాల్చినవాళ్లు. 16, 20 కలిపి 36 గుండెపోట్లు. వేప్‌కి మారిన వెయ్యి మందిలో ఇది తిరగబడుతుంది, ఎందుకంటే గట్టిగా అలవాటుపడ్డవాడికే వేప్ ఊతం కావాలి. అక్కడ 4, 80 కలిపి 84. వేప్ ఏమీ చేయకపోయినా రెట్టింపు పైన కనపడింది! రోజుకెన్ని, ఎన్నేళ్లు, ఎప్పుడు మానారు అనే మూడూ అడిగితే తప్ప ఈ తేడా పట్టుబడదు. అడిగినా జనానికి సరిగ్గా గుర్తుండదు, కొంత తప్పు మిగిలే ఉంటుంది.

అరండల్‌పేట మూర్తి: మేడమ్, నా గోడు ఇదే! నాకు స్టెంట్ వేశారు. ఆసుపత్రి పేరెందుకు లెండి. డిశ్చార్జ్ సమ్మరీలో "ఈ-సిగరెట్ వాడుక" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. కాల్చిన సిగరెట్లన్నీ ఏ గంగలో కలిశాయి? రేపు ఎవరో ఆ కాగితాలు తిరగేసి నన్నూ వేప్ ఖాతాలో వేస్తారు.

గుంటూరు వెంకట్రావు: అంటే పాపమంతా సిగరెట్‌ది, వేప్ పతివ్రతా? మీకు స్టెంట్ పడ్డాక కూడా దాన్నే వెనకేసుకొస్తున్నారంటే మిమ్మల్ని ఏమనాలి? మీలాంటివాళ్లు ఆన్‌లైన్‌లో "సేఫ్" అని రాయబట్టే పిల్లలు నేర్చుకుంటున్నారు.

అరండల్‌పేట మూర్తి: ఏవండీ, నేను పిల్లలకి నేర్పించానా? నోరు జాగ్రత్త. నా ఒళ్లు నాది. వేప్ మానేస్తే నేను మళ్లీ సిగరెట్ పడతాను, మీరొచ్చి ఆపుతారా?

గుంటూరు వెంకట్రావు: మావాడు ఇంజనీరింగ్ రెండో ఏడు. జన్మలో సిగరెట్ ముట్టలేదు. బ్యాగులో పెన్‌డ్రైవ్ అనుకుని తీసి చూస్తే మామిడిపండు వాసన. అడిగితే మీలాంటివాళ్లు రాసే మాటే చెప్పాడు, "సిగరెట్ కంటే నయం నాన్నా" అని. వాడికి సిగరెట్‌తో పోలిక ఎందుకండీ?

సర్వేల సునీత: ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలు అడుగుతున్నారు. మూర్తి గారిది సిగరెట్‌తో పోలిక. మీ అబ్బాయికి పోలిక మామూలు గాలితో. సిగరెట్ నుంచి పూర్తిగా మారినవాళ్ల మీద చేసిన స్టడీ మీ అబ్బాయి గురించి ఏమీ చెప్పదు.

అసలు మీ అబ్బాయిలాంటివాళ్ల డేటానే తక్కువ. 2015 అమెరికా సర్వేలో వేప్ వాడే పెద్దవాళ్లలో వందకి 59 మంది పక్కనే సిగరెట్ కూడా కాలుస్తున్నారు, 30 మంది మాజీలు. ఎప్పుడూ కాల్చనివాళ్లు 11 మందే. 45 దాటినవాళ్లలో అయితే వందకి ఒకరికి కాస్త పైన. గుండెపోట్లు వచ్చేదేమో ఆ వయసులో! సిగరెట్ ముట్టని వేపర్లు ఎక్కువగా ఉన్నదేమో 18-24 ఏళ్లలో, అక్కడ గుండెపోటే అరుదు. కాబట్టి "ఏమీ కనపడలేదు" అని రాసినా "ఏమీ లేదు" అని చదవకూడదు. వాళ్లని ఇరవై ముప్పై ఏళ్లు వెంటబడి చూడాలి. నికోటిన్ అలవాటు పడటం, అది గుండె వేగం, బీపీ పెంచడం, వీటికి అంత కాలం ఆగక్కర్లేదు, ఇప్పటికే తెలుసు.

గుంటూరు వెంకట్రావు: వేప్ పట్టిన పిల్లలు తర్వాత సిగరెట్‌కి వెళతారని చదివాను. అదైనా ఖాయమేనా?

సర్వేల సునీత: వెళ్లేవాళ్లు ఎక్కువని చాలా స్టడీల్లో కనపడింది. అయితే ఏదైనా ఓసారి చూద్దాం అనే కుర్రాడు వేప్ లేకపోయినా సిగరెట్ ముట్టేవాడేమో. ఆ రెండిటినీ పూర్తిగా విడదీయడం మావల్ల కాలేదు, దానిమీద మాలో మాకే గొడవలు.

గుంటూరు వెంకట్రావు: ప్రతిదానికీ "ఏమో" అంటారు. తండ్రిని నేను, ముప్పై ఏళ్లు ఆగలేను.

బందర్ రోడ్ రాజు: బ్యాన్ అని నేను మొదట్లోనే అన్నా.

అరండల్‌పేట మూర్తి: మేడమ్, నా సమ్మరీ దిద్దించుకోవచ్చా?

సర్వేల సునీత: అడగండి. రోజుకెన్ని, ఎన్నేళ్లు, సిగరెట్ ఏ సంవత్సరం మానారు, వేప్ ఎప్పుడు మొదలైంది, మధ్యలో రెండూ కలిపి నడిపిన నెలలున్నాయా, ఈ ఐదూ రాయించండి. చివరిది చాలామంది చెప్పరు.

అరండల్‌పేట మూర్తి: రెండూ కలిపి... ఏడాది పైనే ఉంటుందండీ.