"కుడివైపు ఏమీ లేకపోతే పైకి ఎక్కాలి": ఈ వాక్యం నిలుస్తుందా?

లేఖిని: డేటా స్ట్రక్చర్స్ పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నాను. బైనరీ సెర్చ్ ట్రీలో ఒక నోడ్‌కు ఇన్ఆర్డర్ సక్సెసర్‌ను ఎలా కనుక్కోవాలో చెప్పే చోట ఇలా రాశాను: "కుడి కొమ్మ ఉంటే అందులో ఎడమ చివరన ఉన్న నోడ్ తీసుకోవాలి. కుడివైపు ఏమీ లేకపోతే పైకి ఎక్కుతూ, ఎడమ కొమ్మ నుంచి వచ్చి చేరిన మొదటి నోడ్ దగ్గర ఆగాలి." చదవడానికి ఇబ్బంది లేదు. కానీ నా నోడ్‌లలో పేరెంట్ పాయింటర్ లేదు, ఎడమ, కుడి పాయింటర్లు మాత్రమే ఉన్నాయి. అలాంటప్పుడు "ఎక్కుతూ" అనవచ్చా?

వెన్నెల: పక్కనున్న నోడ్‌కే కదా వెళ్లాలి? అదే మట్టంలో కుడివైపు చూస్తే సరిపోతుంది.

లేఖిని: మట్టాల వరుస వేరండీ. ఇక్కడ కావలసింది విలువల్లో వెంటనే పెద్దది. అది ఏ మట్టంలోనైనా ఉండవచ్చు.

గవాక్షం: "ఎక్కుతూ" అనడంలో తప్పేమీ లేదు. రూట్ నుంచి వస్తూ దారిలోని నోడ్‌లన్నిటినీ స్టాక్‌లో పెట్టుకోండి. కుడి కొమ్మ లేకపోతే స్టాక్ పైనున్నది తీయండి, అదే జవాబు.

మూలం: స్టాక్ వరకు మీ మాట సరైనదే, చివరి ముక్క కాదు. ఒక ట్రీ తీసుకుందాం. రూట్ 50. దాని ఎడమన 30, కుడిన 70. 30కి ఎడమన 20, కుడిన 40. 40కి ఎడమన 35, కుడిన 45. ఇప్పుడు 45 తర్వాతిది కావాలి. స్టాక్‌లో 50, 30, 40 ఉంటాయి. పైనున్న 40 తీస్తే అది 45 కంటే చిన్నది, జవాబు ఎలా అవుతుంది? 40 నుంచి కుడికి దిగాం కాబట్టి దాన్ని వదిలేయాలి, 30ని కూడా అంతే. 50 నుంచి ఎడమకు దిగాం, జవాబు అదే. అదే 35కి అయితే 40 దగ్గరే ఎడమకు మళ్లాం కాబట్టి పైనున్నదే జవాబు. మీరు బహుశా అలాంటి ఉదాహరణే చూసి ఉంటారు.

లేఖిని గారూ, వదిలేయబోయేవాటిని అసలు దాచుకోవడం ఎందుకు? దిగేటప్పుడు ఎడమకు మళ్లిన ప్రతిసారీ ఆ నోడ్‌ను ఒక్క వేరియబుల్‌లో గుర్తు పెట్టుకుంటే చాలు. కొత్తది వస్తే పాతది చెరిగిపోతుంది.

```
succ = None
cur = root
while cur:
    if x.key < cur.key:
        succ = cur
        cur = cur.left
    else:
        cur = cur.right
```

ఇందులో మీ రెండు సందర్భాలూ కలిసిపోయాయి. 50 తర్వాతిది అడిగితే మొదటి అడుగులోనే కుడికి వెళ్లి 70 చేరుతుంది, దాన్ని గుర్తుంచుకుని ఎడమకు దిగుతుంది. అక్కడ ఏమీ లేదు కాబట్టి 70 మిగులుతుంది. 70 తర్వాతిది అడిగితే ఒక్కసారి కూడా ఎడమకు మళ్లం, `None` వస్తుంది. ఎక్కడా ఎక్కడం లేదు, అంతా దిగడమే. అందుకే నా మటుకు "ఎక్కుతూ" తీసేయాలి. విద్యార్థి ఆ మాట నమ్మి, లేని పాయింటర్ కోసం వెతుకుతాడు.

ఒక జాగ్రత్త: `<` బదులు `<=` రాస్తే 45 అడిగినప్పుడు 45నే తిరిగి ఇస్తుంది. అడిగిన నోడే జవాబుగా వచ్చిందంటే ముందు ఈ గుర్తు చూడండి.

ఏటిగట్టు: నేను రికార్డులన్నీ వరుసగా ముద్రించడానికి ఇదే పిలుస్తున్నాను, ఒక్కో రికార్డుకు ఒక్కోసారి. ట్రీ పెద్దదయ్యేకొద్దీ బాగా నెమ్మదిస్తోంది.

మూలం: ప్రతిసారీ రూట్ నుంచి మొదలవుతుంది కదా. ఒక్క పిలుపుకు పట్టే సమయం ట్రీ ఎత్తును బట్టి ఉంటుంది, ఒకే పక్కకు ఒరిగిన ట్రీలో ఆ ఎత్తు నోడ్‌ల సంఖ్య దాకా పోతుంది. మీకు కావలసింది గవాక్షం గారి స్టాకే, కాకపోతే ఎడమకు మళ్లిన నోడ్‌లను మాత్రమే ఉంచండి. పైనున్నది తీసి ముద్రించాక, దాని కుడి కొమ్మలోకి వెళ్లి ఎడమకు దిగినంత మేరా ఎదురైన నోడ్‌లను స్టాక్‌లో చేర్చండి. మొత్తం నడకలో ప్రతి నోడ్ ఒక్కసారి లోపలికి వెళ్తుంది, ఒక్కసారి బయటికి వస్తుంది.

గవాక్షం: ఒప్పుకున్నాను. కానీ ఒకే విలువ రెండు నోడ్‌లలో ఉంటే? 40 రెండుసార్లు ఉంటే మీ కోడ్ మొదటి 40 నుంచి నేరుగా 45కి దూకుతుంది. ఇన్ఆర్డర్ ప్రకారం తర్వాతిది రెండో 40 కావాలి.

మూలం: నిజమే. విలువ ఒక్కటే చూస్తే ఆ రెండు నోడ్‌లనూ వేరు చేయలేం. రెండో గుర్తు ఏదైనా కలిపి పోల్చాలి. లేదా కుడి కొమ్మ ఉన్నప్పుడు విలువలు పోల్చకుండా నేరుగా అందులోకి దిగాలి, కానీ అది సగం పరిష్కారమే.

లేఖిని: వాక్యం ఇలా మార్చాను: "రూట్ నుంచి నోడ్ దాకా దిగుతూ, చివరిసారి ఎడమకు మళ్లిన చోటును గుర్తుంచుకోవాలి. నోడ్‌కు కుడి కొమ్మ లేకపోతే ఆ చోటే జవాబు."

వెన్నెల: "చివరిసారి" అంటే కింద ఉన్నదా, పైన ఉన్నదా? పైనుంచి చూసేవారికి, కిందినుంచి చూసేవారికి అది వేర్వేరుగా తోస్తుంది. "నోడ్‌కు అతి దగ్గరగా" అంటే ఎలా ఉంటుంది?

మూలం: "దగ్గరగా" అంటే మళ్లీ నోడ్ దగ్గర నిలబడి పైకి చూస్తున్నట్టే అవుతుంది. నాకు "చివరిసారి"యే నచ్చింది, "దిగుతూ" పక్కనే ఉంది కాబట్టి.

వెన్నెల: "దిగుతూ" అనేది వాక్యం మొదట్లో ఉంది, "చివరిసారి" దగ్గరికి వచ్చేసరికి నాకు గుర్తు లేదు.