అప్‌డేట్: కత్తెర పట్టిన పిల్ల కథ

నేను అడిగింది: "స్కూల్ కొలాజ్ కోసం పాత పత్రికల్లోంచి మనుషుల్ని కత్తిరించే ఏడేళ్ల పిల్ల మీద చిన్న కథ రాస్తున్నాను. కత్తిరించే సీను నమ్మేలా రావట్లేదు. ఎక్కడ తప్పుతోంది?"

అప్‌డేట్: తప్పు చేతుల దగ్గరే ఉంది. మొదటి ప్రతిలో పిల్ల కత్తెరను బొమ్మ చుట్టూ తిప్పింది. అసలు కత్తెర ఉన్నచోటే ఉండాలి, కాగితం తిరగాలి. అంతకుముందు బొమ్మ చుట్టూ వేలెడు జాగా వదిలి పేజీలోంచి విడదీయాలి. పేజీ మొత్తం చేతిలో ఉంటే తిప్పేటప్పుడు మడతపడి, సన్నగా ఉండే మెడ దగ్గర చిరుగుతుంది. నడుం మీద చెయ్యి పెట్టుకున్న బొమ్మ ఇంకా కష్టం, మోచేతి సందులోకి కత్తెర దూరదు. కథలో పిల్ల ఆ సందును అలాగే వదిలేసింది, అందులో వెనకున్న నీలం గోడ ముక్క మిగిలింది. ఆ ఒక్క వాక్యంతో సీను నిలబడింది.

కథ మలుపు మాత్రం పేజీ వెనక దొరికింది. చీర ప్రకటనలో అమ్మలా ఉన్నావిడని కత్తిరిస్తే, వెనకవైపున్న తాతయ్యలాంటి ఆయన తల సగం పోతుంది.

"అమ్మనే అంటిస్తా. తాతయ్య అటుపక్క ఉంటాడులే."

జిగురు నీళ్లగా ఉంటే పల్చటి కాగితం నానిపోయి వెనక అచ్చు ముందుకు కనిపిస్తుంది. కథ చివర్లో చీర మీద తాతయ్య కళ్లజోడు మసగ్గా తేలేది అందుకే. పత్రిక మందపాటి అట్ట మీది బొమ్మైతే అలా తేలదు, అందుకని ప్రకటనను లోపలి పేజీకి మార్చాను.