చప్పిడి ముక్కు మీద నిలవని ప్లాస్టిక్ ఫ్రేమ్: ప్యాడ్లు అతికించినా జారుతోంది, ఏం చేయాలి?

సునీత: నా ముక్కు దూలం బాగా లోతు. ఫ్రేమ్ ప్లాస్టిక్‌ది, కాడ లోపల 54-17-145 అని ఉంది. పవర్ రెండు కళ్ళకీ మైనస్ 5. తల కాస్త వంచితే చాలు, కళ్ళజోడు ముక్కు కొసకి వచ్చేస్తోంది. నవ్వితే అద్దాల కింది అంచు బుగ్గలకి తగిలి ఫ్రేమ్ మొత్తం పైకి లేస్తుంది, ఆ తర్వాత ఇంకా కిందికి జారుతుంది. షాపులో కాడలు లోపలికి వంచి బిగించి ఇచ్చారు. కణతలు నొప్పి పుడుతున్నాయి గానీ జారడం తగ్గలేదు, ఇంకాస్త ఎక్కువైందేమో కూడా. అతికించే సిలికాన్ ప్యాడ్లు పెడితే రెండు మూడు రోజులకే ఊడిపోతున్నాయి. ఫ్రేమ్ మార్చకుండా దారి ఉందా?

కిరణ్: 17 అంటే మీకు బ్రిడ్జి ఎక్కువైనట్టే. ఈసారి 15 ఉన్నది తీసుకోండి, జారదు. అప్పటిదాకా చెవుల వెనక రబ్బరు హుక్కులు తొడగండి.

రఘురామ్: కిరణ్ గారు చెప్పింది సగమే నిజం. ఆ 17 రెండు అద్దాల మధ్య దూరం మాత్రమే. ముక్కుకి ఆనే భాగం వెనక్కి ఎంత పొడుచుకొచ్చిందో, ఎంత వాలుగా ఉందో ఆ అంకెలో ఉండదు. 17 అని రాసిన రెండు ఫ్రేములు ఒకే ముక్కు మీద రెండు రకాలుగా కూర్చోవచ్చు. పైగా దూలం లోతుగా ఉన్నవాళ్ళలో చాలామందికి ముక్కు వెడల్పుగానూ ఉంటుంది. వాళ్ళు 15 పెట్టుకుంటే ఫ్రేమ్ కాస్త పైకి లేస్తుంది, నిజమే. కానీ ప్యాడ్ మొత్తం ఆనకుండా దాని అంచు ఒక్కటే చర్మంలో దిగి, సన్నని ఎర్రటి గీత పడుతుంది. ప్యాడ్ సరిగా ఆనితే ఆ గుర్తు ప్యాడ్ ఆకారంలోనే, లేతగా, వెడల్పుగా ఉంటుంది. అద్దంలో ఆ గుర్తు చూస్తేనే సగం సంగతి తెలిసిపోతుంది.

సునీత గారూ, ప్యాడ్ల కంటే ముందు కాడల సంగతి చూడండి. బిగించాక జారడం పెరిగిందన్నారు కదా, అది మీ భ్రమ కాదు. తల కణతల దగ్గర ఇరుకు, చెవుల వైపు వెళ్ళేకొద్దీ వెడల్పు. కాడలు చెవికి ముందే తలని నొక్కితే, వేళ్ళ మధ్య నొక్కిన నిమ్మగింజలా ఫ్రేమ్ ముందుకే వస్తుంది. కాడ చెవి దగ్గరికి వచ్చేదాకా తలని తాకీ తాకనట్టు ఉండాలి. అసలు పట్టు చెవి వెనక వంపులో ఉండాలి.

ఆ వంపు ఎక్కడుందో ఇలా చూడండి. ఫ్రేమ్‌ని ఎక్కడ ఉండాలనుకుంటున్నారో అక్కడికి నెట్టి, ఒక వేలితో ముక్కు దగ్గర పట్టుకోండి. ఇంకొకరిని పక్కనుంచి చూడమనండి. కాడ కిందికి వంగడం చెవి పైకొన దాటిన వెంటనే మొదలవ్వాలి. అక్కడి నుంచి 5, 6 మిల్లీమీటర్లు వెనక్కి వెళ్ళాక వంగుతుంటే, ఫ్రేమ్ అంత దూరమూ ముందుకు జారాకే చెవికి తగిలి ఆగుతుంది. మధ్యలో దాన్ని ఆపేది ఏమీ లేదు.

సునీత: మా అక్క చూసి చెప్పింది. వంపు చెవి దాటి దాదాపు వేలి వెడల్పు వెనక్కి ఉందట. కణతల మీద కాడ గుర్తులు కూడా పడ్డాయి.

రఘురామ్: అయితే ముందు ఆ రెండూ సరిచేయాలి. షాపులో "కాడలు వదులు చేయండి" అనకండి, మళ్ళీ ఎటో ఒకవైపు వంచి ఇస్తారు. "వంపు ముందుకి జరపండి, చెవి పైకొన దగ్గర మొదలయ్యేట్టు, కణతల దగ్గర విప్పండి" అని రెండు ముక్కలూ విడివిడిగా చెప్పండి. వాళ్ళు కాడ చివర వేడి చేసి పాత వంపు తీసేస్తారు, కొత్త చోట సుమారు 45 డిగ్రీలు వంచుతారు. ఆ కొస చెవి వెనక ఎముక ఆకారం వెంట ఆనాలి గానీ గుచ్చుకోకూడదు.

ఇంట్లో చేద్దామనుకుంటే ముందు ఫ్రేమ్ దేనితో చేశారో తెలుసుకోండి. కాడ లోపల సన్నని లోహపు తీగ కనబడితే చాలావరకు అది అసిటేట్, వేడికి వంగుతుంది. ముదురు రంగు కాడలో తీగ బయటికి కనబడదు, వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. తీగ లేకుండా, ఎటు వంచితే అటు వంగి మళ్ళీ తన ఆకారానికే వస్తుంటే అది నైలాన్ రకం కావచ్చు. దాన్ని వంచబోతే ఓ పూట నిలిచి, మర్నాటికి మళ్ళీ మొదటికే వస్తుంది. ఏ ఫ్రేమ్ అయినా హెయిర్ డ్రయ్యర్ గాలి అద్దాల మీదికి పోనివ్వకండి. వేడికి అద్దం మీది పూత సన్నగా బీటలు వారుతుంది, అది మళ్ళీ బాగుపడదు.

లక్ష్మి: నాదీ ఇదే బాధ. కాకపోతే నాది లోహపు ఫ్రేమ్, ప్యాడ్లు పచ్చగా అయిపోయాయి. మార్చుకుంటే జారడం ఆగుతుందా?

రఘురామ్: లక్ష్మి గారూ, ఆ పచ్చదనం ప్యాడ్ వెనక రాగి కలిసిన లోహానికి చెమట తగిలి వచ్చేది. మార్చడం మంచిదే. కానీ ప్యాడ్ మారినంత మాత్రాన ఫ్రేమ్ కూర్చునే చోటు మారదు. మీకున్న వెసులుబాటు ఏమిటంటే, ప్యాడ్ల సన్నటి తీగల్ని వంచవచ్చు. రెండు ప్యాడ్లనీ దగ్గరికి తెస్తే ఫ్రేమ్ పైకి లేస్తుంది. తీగల్ని ముఖం వైపు పొడిగిస్తే ఫ్రేమ్ ముఖానికి దూరం జరుగుతుంది, రెప్పవెంట్రుకలు అద్దానికి తగలడం ఆగుతుంది. వెడల్పు ముక్కుకి పెద్ద ప్యాడ్ నయం. 13 మిల్లీమీటర్లది ఉంటే 15 పెట్టించుకోండి. మీది స్క్రూ రకమో, నొక్కితే పట్టే రకమో చూసుకుని కొనండి, ఒకదానిలో ఇంకొకటి పట్టదు.

ఫణి: ఆటలాడేటప్పుడు వెనక కట్టుకునే పట్టీ అయితే అసలు జారనే జారదు. అది చెప్పరేం?

కిరణ్: ఫణి గారూ, ఆవిడ అడిగింది రోజంతా పెట్టుకోవడం గురించి. పైగా పట్టీ వెనక్కి లాగుతుంది గానీ పైకి ఎత్తదు కదా. బుగ్గలకి తగలడం అలాగే ఉంటుంది. ఆ మాటకొస్తే నేను చెప్పిన హుక్కులదీ అదే పరిస్థితి, ఒప్పుకుంటున్నాను.

రఘురామ్: అవును, ముందుకు జారడం వేరు, కిందికి కూర్చోవడం వేరు. కాడల పని మొదటిది ఆపడం. రెండోదానికి ప్యాడ్లే కావాలి. ఇక సునీత గారి ప్యాడ్లు ఎందుకు ఊడుతున్నాయో చూద్దాం.

ఎంత మందం కావాలో కొనక ముందే తెలుసుకోవచ్చు. గాయాలకి వేసే కాగితపు టేపు ముక్కల్ని ఫ్రేమ్ ముక్కు భాగం మీద ఒకదాని మీద ఒకటి అంటిస్తూ పోండి. కనుపాపలు అద్దం నిలువు మధ్యకి కాస్త పైన ఉండేట్టు, మామూలుగా ఉన్నప్పుడు బుగ్గ తగలకుండా ఫ్రేమ్ నిలిచిందంటే అక్కడ ఆపండి. ఆ పొరల మందం స్కేలుతో కొలవండి. ఒకటి నుంచి రెండున్నర మిల్లీమీటర్ల లోపు వస్తే అతికించే ప్యాడ్ సరిపోతుంది. అంతకు మించితే ప్యాడ్ ఎత్తుగా నిలబడి పక్కకి ఒరుగుతుంది, అక్కడి నుంచే ఊడటం మొదలవుతుంది.

రెండో కారణం జిడ్డు. పాత్రలు తోమే ద్రవం ఒక చుక్కతో ముక్కు భాగం కడిగి, బాగా తుడిచి ఆరనివ్వండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది కొస ముంచి, పిండేసి, ప్యాడ్ అంటే చోట ఒక్కసారి తుడవండి. నెయిల్ పాలిష్ తీసే ద్రవం మాత్రం వాడకండి. అందులో ఎసిటోన్ ఉంటే ఫ్రేమే కరుగుతుంది. అతికించాక అర నిమిషం నొక్కి పట్టుకుని, రాత్రంతా వదిలేయండి. చాలామంది అతికించిన వెంటనే పెట్టుకుంటారు, చెమట జిగురు అంచులోంచి లోపలికి పోతుంది.

మూడోది చోటు. దూలం పైభాగంలో మీకు ఆనడానికి ఎత్తు లేదు, ముక్కు పక్కల కింద ఉంది. కాబట్టి ప్యాడ్‌ని ఫ్రేమ్ ముక్కు భాగంలో కాస్త కిందికి, ముఖం వైపు అంచుకి దగ్గరగా పెట్టండి. రెండు వైపులా ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి మిల్లీమీటరు పైకి పోయినా కళ్ళజోడు వంకరగా కనబడుతుంది.

వెంకట్: మైనస్ 5 వాళ్ళు ఫ్రేమ్‌ని ముందుకో వెనక్కో జరిపితే పవర్ మారిపోదా?

రఘురామ్: మారుతుంది గానీ ఎంత? మైనస్ 5 అద్దం 4 మిల్లీమీటర్లు దూరం జరిగితే తేడా సుమారు 0.1. అద్దాలే 0.25 మెట్ల చొప్పున ఇస్తారు, కాబట్టి తెలియదు. మైనస్ 10కి అదే జరుగుబాటు 0.4 అవుతుంది, అప్పుడు దూరం మసకగా తోస్తుంది. ప్రోగ్రెసివ్ అద్దాల సంగతి మాత్రం వేరు. వాటిలో ఫ్రేమ్ 2 మిల్లీమీటర్లు పైకి లేస్తే చదివే భాగమూ అంతే పైకి వస్తుంది. అవి ఉన్నవాళ్ళు కొలత తీయించుకోవడానికి ముందే ఫ్రేమ్ సరిచేయించుకోవాలి.

వెంకట్: నావి ప్రోగ్రెసివ్‌లే. కొలత తీసినప్పుడు ఫ్రేమ్ జారి ఉందో లేదో నాకు గుర్తులేదు.

రఘురామ్: అలాంటప్పుడు ప్యాడ్ అతికించే ముందు, ఫ్రేమ్‌ని వేలితో 2 మిల్లీమీటర్లు ఎత్తి పట్టుకుని దూరంగా ఉన్న అక్షరాలు చూడండి. స్పష్టంగా ఉంటే సరే. గడ్డం దించితేనే స్పష్టమవుతుంటే ఆ అద్దాలకి ఆ ఎత్తు నప్పదు. జారిన చోటే కొలిచి ఉంటారు.

సునీత: టేపుతో చూశాను. 2 మిల్లీమీటర్లు వచ్చింది. మామూలుగా ఉన్నప్పుడు బుగ్గ తగలట్లేదు, గట్టిగా నవ్వితే మాత్రం ఎడమవైపు ఇంకా తగులుతోంది.

రఘురామ్: ముందు కాడలు సరిచేయించాక మళ్ళీ చూడండి. ఒక కాడ రెండోదానికంటే పైకి వంగి ఉన్నా ఆ వైపు అద్దం దిగిపోతుంది. అప్పటికీ తగులుతుంటే అద్దాల కింది అంచు బుగ్గ వైపు మరీ వంగి ఉందేమో పక్కనుంచి చూడమనండి. ఆ వాలు కాడ, ఫ్రేమ్ కలిసే కీలు దగ్గర కొద్దిగా తగ్గించవచ్చు, అది షాపు పనే. అద్దం ఎత్తు ఎంతుంది?

సునీత: స్కేలుతో కొలిస్తే 44 వచ్చింది.

కిరణ్: అదీ సంగతి, అంత ఎత్తు అద్దమైతే నవ్వినప్పుడు ఎలాగూ తగులుతుంది.

రఘురామ్: తగలవచ్చు, తగలకపోవచ్చు. బుగ్గ ఎముక ఎత్తు మీద ఉంటుంది, చూడకుండా చెప్పలేం. ఫ్రేమ్ అసిటేట్ అయితే ఇంకో దారి ఉంది: ముక్కు భాగం అరగదీసి, లోహపు తీగలు బిగించి, లక్ష్మి గారి ఫ్రేముకి ఉన్నట్టు కదిలే ప్యాడ్లు పెట్టేవాళ్ళు ఉన్నారు. ఫ్రేమ్ ఆ చోట మందంగా ఉండాలి, సన్నగా ఉంటే చీలుతుంది. వాలు సరిచేసినా తగులుతుంటేనే దాని జోలికి వెళ్ళండి.